ఇరవై ఏడేళ్లు అని మొదలుపెట్టకండి

ప్రశ్న: నా వయసు 54. గోదాములు, సరుకు రవాణా పనిలో 27 ఏళ్లు చేశాను. మా కంపెనీ ఈమధ్య మా విభాగాన్నే ఎత్తేసింది. మా రంగంలో ఇప్పుడు కొత్త పనంతా చిన్న కంపెనీలు పెట్టుకున్న ముప్పై ఏళ్ల లోపు పిల్లల చేతుల్లో ఉంది. వాళ్లు నెలనెలా కలుసుకునే మీటింగులకు మూడుసార్లు వెళ్లాను. గౌరవంగా మాట్లాడతారు, ముందు వరసలో కుర్చీ వేస్తారు, కార్డు తీసుకుంటారు. తర్వాత ఒక్కరూ ఫోన్ చేయరు. నా అనుభవం వాళ్లకు పనికిరాదా, లేక చెప్పుకోవడం నాకు రావట్లేదా? జుట్టుకు రంగు వేసుకోమని మా అబ్బాయి సలహా.
— ఒక పాఠకుడు

జవాబు: జుట్టు సంగతి మీ ఇష్టం. రంగు వేసుకున్నా, మానేసినా మీరు మొదటి వాక్యం మాట్లాడగానే వయసు తెలిసిపోతుంది. అందుకని ఆ మొదటి వాక్యం సంగతే ముందు చూద్దాం.

మీరు రాయలేదు గానీ, "నాకు ఈ ఫీల్డ్‌లో 27 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉందండీ" అని పరిచయం చేసుకుని ఉంటారు. మన వయసు వాళ్లందరం అలాగే చేసుకుంటాం. అదే మాట మన ఈడు వాళ్ల మధ్య అంటే పని చేస్తుంది, ఎందుకంటే ఆ అంకె వెనక ఏముంటుందో వాళ్లకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడికి అదేమీ తెలియదు. అతనికి వినపడేవి వేరు: ఈయనకు పెద్ద పోస్టు, పెద్ద జీతం కావాలి, అది నా దగ్గర లేదు. లేదంటే, ఈయన క్లాసు పీకుతాడు. మీరు ఈ రెండూ అనలేదు, అయినా అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటే మిగతాది వినేవాడు ఊహించుకుంటాడు. పైగా 27 అనే అంకె మీద అతను అడగడానికి ప్రశ్న కూడా ఏమీ ఉండదు. "ఓ, గ్రేట్ సార్" అంటాడు, కుర్చీ చూపిస్తాడు. మీకు జరిగింది అదే అనుకుంటాను.

నాకు ఇంతకంటే ఘోరంగా జరిగింది. యాభై ఒకటో ఏట, ఇలాంటి కుర్రాళ్ల సమావేశానికి మొదటిసారి వెళ్లాను. ఒకమ్మాయి తను చేసిన పని గురించి స్లైడ్లు చూపిస్తోంది. ఒక స్లైడ్‌లో లెక్క తప్పుంది. నేను చెయ్యి ఎత్తి, నిలబడి, అది తప్పని చెప్పడమే కాకుండా "మేం ఇదంతా పదిహేనేళ్ల కిందటే చేసి వదిలేశాం" అని కూడా అన్నాను. నేను చెప్పింది నిజమే. ఆ అమ్మాయి థాంక్యూ సార్ అని తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయింది. టీ బ్రేక్‌లో నా చుట్టూ రెండు మీటర్ల ఖాళీ. ఆ రోజు నేను ఒక తప్పు పట్టుకున్నాను గానీ దాన్ని ఆమె చేతికి ఇవ్వలేదు, అందరి ముందూ ఎత్తి చూపించాను. బ్రేక్‌లో పక్కకు వెళ్లి "ఆ మూడో స్లైడ్‌లో ఆ సంఖ్య ఎక్కడి నుంచి తీసుకున్నారమ్మా?" అని అడిగి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఆ మాట మీ పనికి వర్తింపజేసి చూద్దాం. ఇలాంటి మీటింగులో ఒక కుర్రాడు, గోదాముల కోసం యాప్ చేసినవాడు, "మా యాప్‌లో స్టాకు లెక్కకీ, ర్యాక్ మీద ఉన్న సరుకుకీ పొంతన కుదరట్లేదు, కస్టమర్ రోజూ అరుస్తున్నాడు" అన్నాడనుకోండి. మీ నోటి చివర రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి: మనుషులకు క్రమశిక్షణ లేదని ఒకటి, మా కంపెనీలో అయితే ఇలా చేసేవాళ్లం అని ఇంకొకటి. రెండూ మింగేయండి. దానికి బదులు ఇలా అడగండి: "తేడా ఎంత వస్తోంది? 12, 24, 36 లాగానా, లేక 11, 22, 33 లాగానా?"

అతను ఆగుతాడు. అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. మీరైతే ఎందుకు అడుగుతున్నారో మీకు తెలుసు. పెట్టెకు పన్నెండు వచ్చే సరుకైతే, ఒక పెట్టె మొత్తం ఎక్కించడం మర్చిపోయినా, రెండుసార్లు స్కాన్ చేసినా తేడా 12 చొప్పున వస్తుంది. కానీ పెట్టెను పెట్టెగా కాకుండా ఒక్క పీసుగా ఎక్కిస్తే, పన్నెండు ఉండాల్సిన చోట ఒకటి పడుతుంది, తేడా 11. అలాంటివి రెండు పెట్టెలైతే 22. మొదటిది ఎక్కడో లోడింగ్ దగ్గర మనిషి చేసిన పొరపాటు. రెండోది యూనిట్ తప్పు, ఎంత జాగ్రత్తగా స్కాన్ చేసినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. రెండింటికీ మందు వేరు. ఇంకో సందర్భం: ఒక సరుకు 7 తక్కువగా, పక్క అరలో ఉన్నది సరిగ్గా 7 ఎక్కువగా చూపిస్తే ఏదీ పోలేదని అర్థం, ఒకేలా కనిపించే రెండు ప్యాకెట్లలో ఒకదాని బదులు ఇంకొకటి తీశారు, అంతే.

ఇప్పుడు అతను లాప్‌టాప్ తెరుస్తాడు. వెతికి చూసి, "సార్, చాలావరకు 11 గుణిజాలే. మీకెలా తెలుసు?" అంటాడు. "ఇరవై ఏడేళ్లు అదే పని కదా" అని అప్పుడు చెప్పండి. మొదటి మాటగా వచ్చినప్పుడు గాల్లో వేలాడిన అంకే ఇది. ఇప్పుడు అతని ప్రశ్నకు జవాబుగా వచ్చింది కాబట్టి దానికి బరువు వచ్చింది. అనుభవాన్ని ఆస్తిగా చూపించడం అంటే నాకు తెలిసింది ఇంతే: అవతలివాడి సొంత డేటా మీద వెంటనే పరీక్షించి చూసుకోగల ఒక ప్రశ్న. జవాబులు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఏ ప్రశ్న అడగాలన్నది, సరుకు మధ్య తిరిగి తిట్లు తిన్నవాడికే తెలుస్తుంది.

ఇలాంటి ప్రశ్నలు అప్పటికప్పుడు తట్టవు. ఒక సాయంత్రం కూర్చుని, మీ ఉద్యోగంలో బాగా ఇబ్బంది పెట్టిన పది సంఘటనలు రాయండి. సాధించిన అవార్డులు కాదు, అవి ఎవరికీ అక్కర్లేదు. ఏం చెడింది, ఏ చిన్న గుర్తు చూసి అసలు కారణం పట్టుకున్నారు, పట్టుకోవడానికి ఎన్ని రోజులు వృథా అయ్యాయి, ఇవి రాయండి. తర్వాత ఎర్ర పెన్నుతో చదవండి. ఒక సాఫ్ట్‌వేర్ పేరు, ఒక సప్లయర్, ఒకప్పటి రేటు, మారిపోయిన రూలు మీద ఆధారపడినవన్నీ కొట్టేయండి. నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి, ఎందుకంటే పాతబడిన ఒక్క మాట చెప్పినా మిగతా తొమ్మిదీ పాతవే అనుకుంటారు. మిగిలేవి మనుషుల చేతుల గురించి, పెట్టెల గురించి, నెలాఖరు తొందర గురించి ఉంటాయి. నాలుగైదు మిగిలితే చాలు, అవే మీ పెట్టుబడి.

మిగిలినవి కూడా రూపు మారి ఉండొచ్చు. మన 11 సంగతే తీసుకోండి. మీ రోజుల్లో ఆ తప్పు గేటు దగ్గర, చలానా చూసి రాసే గుమాస్తా చేతిలో జరిగేది. ఇప్పుడు ప్రతీదీ ఫోన్‌తో స్కాన్ చేస్తారు కదా, మరి ఎలా వస్తుంది? సరుకుల పట్టికలో పెట్టెకు ఎన్ని పీసులు అన్న గడిలో 12 బదులు ఎవరో ఒక్కసారి 1 అని కొట్టి ఉంటారు. అంటే తప్పు గేటు దగ్గరి నుంచి టేబుల్‌లోకి మారింది. గుమాస్తా పొరపడితే ఒక లారీ పాడయ్యేది, టేబుల్ తప్పైతే ఆ సరుకు వచ్చిన ప్రతిసారీ పాడవుతుంది. జబ్బు పాతది, చోటు కొత్తది. ఈ చోటు మారిన విషయం మీకు వాళ్ల దగ్గరే తెలుస్తుంది. అందుకే ఏ సలహాకైనా ముందు "ఇప్పుడు మీరెలా చేస్తున్నారు?" అన్న ప్రశ్న రావాలి. మర్యాద కోసం అడగొద్దు, నిజంగా తెలియదు కాబట్టి అడగండి.

పరిచయం వాక్యం కూడా దీన్నుంచే తయారవుతుంది. "గోదాములో లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకోవడం నా పని." అంతే. హోదా లేదు, ఏళ్లు లేవు, పాత కంపెనీ పేరు లేదు. ఇది విన్నవాడు "మా దగ్గర కూడా ఒకటి ఉంది సార్" అనగలడు. జనరల్ మేనేజర్‌తో అలా అనలేడు.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. మూడుసార్లు వెళ్లినవన్నీ పెద్ద మీటింగులే అనిపిస్తోంది. వందమంది ఉన్న హాల్లో ఎవరికి తెలిసినవాళ్లతో వాళ్లు మాట్లాడుకుంటారు, అందులో వయసుతో పనిలేదు, మీ అబ్బాయి ఒంటరిగా వెళ్లినా ఇంతే. పది పదిహేను మంది వారానికోసారో, పదిహేను రోజులకోసారో కలిసే చిన్న గుంపు చూసుకోండి. అక్కడ అతిథిగా కాకుండా ఏదో ఒక పనితో వెళ్లండి. నేను ఎప్పుడూ చెప్పేది నోట్సు రాసే పని. ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అడిగితే వెంటనే ఇచ్చేస్తారు. ఆ పని మీ చేతిలో ఉంటే ఎవరి పేరైనా అడగొచ్చు, "మీరు చెప్పింది సరిగ్గా రాసుకున్నానా?" అంటూ ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు, మర్నాడు అందరికీ మెసేజ్ పెట్టడానికి కారణం ఉంటుంది. నోట్సు పొడుగ్గా అక్కర్లేదు, ఎవరు ఏ ఇబ్బంది చెప్పారు, ఎవరు ఎవరికి సాయం చేస్తామన్నారు, అంతే. ఒక నెలలో ఆ గుంపులో ఎవరికి ఏ తలనొప్పి ఉందో అందరికంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. ముందు వరస కుర్చీ మాత్రం వద్దనండి. అది గౌరవమే, కానీ అందులో కూర్చుంటే పక్కన ఎవరూ కూర్చోరు.

ఆ చిన్న గుంపులోకి దారి చూపించేవాళ్లు ఎవరు? మీ ఫోన్లో ఉన్నారు. మీరు నలభైలో ఉన్నప్పుడు మీ కింద ట్రైనీలుగా చేరినవాళ్లను గుర్తు తెచ్చుకోండి. అప్పుడు ఇరవై నాలుగేళ్ల వాళ్లు ఇప్పుడు ముప్పై ఎనిమిదిలో ఉంటారు. ఒక కాలు మీ తరంలో, ఒక కాలు ఆ కుర్రాళ్ల మధ్య పెట్టుకున్నవాళ్లు. మీకు మధ్యవర్తులుగా వాళ్లకంటే బాగా కుదిరేవాళ్లు లేరు. పదేళ్లుగా పలకరించలేదు కదా, ఇప్పుడు అవసరం పడి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడతాం. అది అనవసరమైన మొహమాటం. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ కలిసేవాళ్లం అన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, దూరంగా ఉన్నవాళ్లకు వేరే కబుర్లు తెలుస్తాయి, ఇదీ ఆయన చెప్పిన కారణం. తర్వాత 2011లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, మూడేళ్లకు పైగా మాటల్లేని పాత పరిచయస్తులను పలకరించి పని గురించి సలహా అడగమని మేనేజర్లను కోరారు. ఇప్పుడు టచ్‌లో ఉన్నవాళ్ల కంటే ఆ పాతవాళ్ల సలహాలే కొత్తగా, ఉపయోగంగా ఉన్నాయని తేలింది. యాభై దాటినవాడికి ముప్పై ఏళ్లవాడి కంటే కచ్చితంగా ఎక్కువ ఉండేది ఇదే, తెగిపోలేదు గానీ నిద్రపోతున్న పరిచయాలు.

మెసేజ్ ఎలా రాయాలో కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. "బాగున్నావా బాబూ, ప్రస్తుతం ఖాళీగా ఉన్నాను, ఏదైనా ఉంటే చూడు" అని బయోడేటా జత చేసి పంపితే, పాపం అతను ఏం చేయగలడు? "తప్పకుండా సార్" అని మర్చిపోతాడు. దానికి బదులు ఇలా రాయండి: "నమస్తే. ఆ ఏడాది వానల్లో గోదాంలోకి నీళ్లొచ్చి, రాత్రంతా పెట్టెలు పైకెక్కించాం, గుర్తుందా? నేను ఇప్పుడు చిన్న కంపెనీల గోదాం లెక్కల మీద పని మొదలుపెడుతున్నాను. ఫోన్‌తో స్కాన్ చేసే పద్ధతి వచ్చాక లెక్క తప్పులు ఎక్కడ వస్తున్నాయో తెలుసుకోవాలి. ఒక పావుగంట ఫోన్లో మాట్లాడగలవా?" ఇద్దరికీ మాత్రమే తెలిసిన జ్ఞాపకం ఒకటి, అతను సులువుగా తీర్చగల చిన్న అవసరం ఒకటి. మాట్లాడిన చివర్లో "ఈ పని చేస్తున్న కుర్రాళ్లు ఇద్దరిని పరిచయం చేస్తావా?" అని అడగండి. ఇద్దరు అని అంకె చెప్పండి. ఎవరినైనా అంటే ఎవరినీ చేయరు. ఒకే మెసేజ్ పదిమందికి ఫార్వర్డ్ చేయకండి, చదివినవాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇలాంటి సందర్భాల్లో చాలామంది చిప్ కాన్లీ పేరు చెప్తారు. ఇరవై ఆరో ఏట హోటళ్ల కంపెనీ పెట్టి నడిపిన మనిషి, 2013లో 52 ఏళ్ల వయసులో ఎయిర్‌బీఎన్‌బీలో చేరాడు. అక్కడి సీఈఓ బ్రయాన్ చెస్కీ ఆయన కంటే ఇరవై ఒక్క ఏళ్లు చిన్న. టెక్నాలజీ మాటలు సగం అర్థంకాని చోట, తనకు తెలిసిన ఆతిథ్యం వాళ్లకు నేర్పిస్తూ, వాళ్ల పని తను నేర్చుకున్నాడు. ఈ రెండో సగం మనకు పనికొస్తుంది. మొదటి సగాన్ని చూసి మోసపోకండి, ఆయన్ని కంపెనీయే పిలిచింది. మనల్ని ఎవరూ పిలవరు, కాబట్టి నోట్సు రాసే పని దగ్గరి నుంచే మొదలు.

పద్ధతి పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పొగడ్తలను లెక్కలోకి తీసుకోకండి. "మీలాంటివాళ్లు ఉండాలి సార్" అని స్టేజీ మీదికి పిలిచి, వాళ్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం చేర్చకపోతే మీరింకా బయటే ఉన్నారు. ఎవరో ఒకరు "అది మా దగ్గర కుదరదు సార్, ఎందుకంటే..." అని మీకు ఎదురుచెప్పిన రోజు లోపలికి వచ్చినట్టు. ఆ రోజు నొచ్చుకోకండి, "ఎందుకు కుదరదు?" అని అడగండి. నాలుగైదుసార్లు వెళ్లాక కూడా ఎవరూ ఎదురుచెప్పలేదు, ఏమీ అడగలేదు అంటే ఆ గుంపు మీది కాదు. వదిలేసి ఇంకొకటి చూసుకోండి, అందులో అవమానం ఏమీ లేదు.

ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్తపడాలి. మీ ప్రశ్నలు పని చేస్తున్నాయని తెలిశాక, "సార్, ఒక్కసారి మా గోదాముకి వచ్చి చూడరూ" అంటారు. ఒకసారి వెళ్లండి. రెండోసారి కూడా పిలిస్తే సంతోషంగా ఒప్పుకుంటూనే "ఈసారి దీన్ని పనిగా మాట్లాడుకుందాం, ఎన్ని రోజులు, ఎంత అన్నది రాసుకుందాం" అనండి. పెద్దవాళ్లం కదా, డబ్బు అడిగితే బాగుండదేమో అనుకుని ఏడాదిపాటు ఉచితంగా తిరిగినవాళ్లు నాకు తెలుసు. చివరికి వాళ్లకు ఉద్యోగమూ రాలేదు, ఫీజూ రాలేదు, ఎక్కడికి పిలిచినా వస్తారనే పేరొచ్చింది. కుర్రాళ్లు మోసగాళ్లని కాదు, మీరు రేటు చెప్పకపోతే రేటు లేదనే అనుకుంటారు.

ఒక విషయం దాచను. వయసు చూసి పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు, ఎంత మంచి ప్రశ్న అడిగినా వాళ్లు మారరు. మీరు బయోడేటా పంపే చోట్ల అది ఎక్కువ, ఎందుకంటే కాగితం మీద పుట్టిన సంవత్సరం ముందు కనిపిస్తుంది, 11 గుణిజాల సంగతి కనిపించదు. మనిషి ద్వారా వెళ్తే వరస తిరగబడుతుంది. అది తగ్గిస్తుందే గానీ పూర్తిగా పోగొట్టదు. రెండు మూడు నెలల్లో ఉద్యోగం అని లెక్కలు వేసుకోకండి. ముందు చిన్న చిన్న పనులు వస్తాయి, వాటిలో ఒకటి పెద్దదవుతుంది, లేదా అలాంటివే నాలుగు కలిసి నెల గడిచిపోతుంది.

చివరగా, ఎవరూ ఫోన్ చేయరు అన్నారు. చేయరు. ఆ వయసులో వాళ్లు ఎవరికీ ఫోన్ చేయరు, మెసేజ్ పెడతారు, అది కూడా ఏదైనా అడగాల్సి ఉంటేనే. కాబట్టి మీటింగు అయిన మర్నాడు మీరే పెట్టండి, ఒకే ఒక్క మెసేజ్, అతను చెప్పిన ఇబ్బంది గురించి మాత్రమే: "నిన్న స్టాకు తేడాలన్నారు కదా, ఎక్కువ తేడా ఉన్న ఇరవై సరుకుల జాబితా తీసి, ఒక్కోదాని తేడా 11తో భాగించి చూడండి." సరుకు పెట్టెకు 24 వస్తే 23తో, 6 వస్తే 5తో అని కింద ఇంకో లైను. గుడ్ మార్నింగులు, పూల బొమ్మలు వద్దు. మూడు రోజుల తర్వాత "సార్, పద్నాలుగు కుదిరాయి" అని జవాబు వస్తే ఆనందంలో వెంటనే ఫోన్ చేసేయకండి. పెట్టెకు ఎన్ని పీసులు అన్న కాలమ్ స్క్రీన్‌షాట్ పంపమనండి, మిగిలిన ఆరింటి సంగతి గోదాముకి వస్తే గానీ చెప్పలేనని రాయండి.